గుడ్ ఫ్రైడే ఎప్పుడు? నూరేళ్ల లెక్కలో దొరికిన ఒక్క తప్పు



పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల మాట అయిపోగానే చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది: "మేడమ్, వచ్చే ఏడాది సెలవులు ఎప్పుడెప్పుడు వస్తున్నాయి?" ఊరికి టికెట్లు తీసుకోవాలి, ఇంట్లో శుభకార్యాలు పెట్టుకోవాలి కాబట్టి అడగడం సహజమే. ఆ ప్రశ్ననే ఈసారి తొమ్మిదో తరగతి కంప్యూటర్ ల్యాబ్ పనిగా ఇచ్చాను. ఒక్క ఏడాదికి కాదు, 2000 నుంచి 2099 దాకా నూరేళ్లకు. ఆ పనిలో నేనిచ్చిన ఫార్ములాలోనే ఒక తప్పు బయటపడింది. అదెలా దొరికిందో మీకు చెప్పాలనే ఈ వ్యాసం. మీ పిల్లలు ఇంట్లో ఎక్సెల్‌లోనో పైథాన్‌లోనో ఏదైనా లెక్క చేసి "వచ్చేసింది" అన్నప్పుడు, మీరు ఏం అడగాలో కూడా ఇందులోనే ఉంది.

ఏ సెలవును లెక్కకట్టవచ్చు?

మన సెలవులను పిల్లలు మొదట మూడు గుంపులు చేశారు. జనవరి 26, ఏప్రిల్ 14, ఆగస్టు 15, అక్టోబరు 2 లాంటివి తేదీ మారనివి. వీటికి లెక్కేమీ అక్కర్లేదు, ఏ వారం వస్తుందో చూసుకుంటే చాలు. ఉగాది, దసరా, దీపావళి పంచాంగంతో వస్తాయి. రంజాన్ నెలవంక కనిపించడాన్ని బట్టి ఖరారవుతుంది. ఈ రెండో గుంపును చిన్న ఫార్ములాతో తేల్చలేం. వాటికి ప్రభుత్వం ఏటా ఇచ్చే సెలవుల జాబితానే ఆధారం.

మూడోది గుడ్ ఫ్రైడే. ఇది ఏటా మారుతుంది, కానీ పూర్తిగా ఒక నియమం ప్రకారం మారుతుంది. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పున్నమిని తీసుకోవాలి. ఆ పున్నమి తర్వాత వచ్చే ఆదివారం ఈస్టర్. దానికి రెండు రోజుల ముందు గుడ్ ఫ్రైడే. కాబట్టి ఈస్టర్ మార్చి 22 కంటే ముందు రాదు, ఏప్రిల్ 25 దాటదు. 2026లో ఈస్టర్ ఏప్రిల్ 5, గుడ్ ఫ్రైడే ఏప్రిల్ 3. 2027లో ఈస్టర్ మార్చి 28, గుడ్ ఫ్రైడే మార్చి 26.

పిల్లలకు ఇచ్చిన ప్రశ్న ఇది: గుడ్ ఫ్రైడే, అంబేడ్కర్ జయంతి ఒకే రోజున, అంటే ఏప్రిల్ 14న, ఈ నూరేళ్లలో ఎన్నిసార్లు వస్తాయి? అలా వచ్చిన ఏడాది ఒక సెలవు తగ్గినట్టే కదా, అందుకని వాళ్లకు ఆసక్తి ఎక్కువ!

నేనిచ్చిన ఫార్ములా

ఎక్సెల్ వాడేవాళ్ల మధ్య చాలాకాలంగా తిరుగుతున్న ఒక పొట్టి ఫార్ములా ఉంది. A2 గడిలో సంవత్సరం వేస్తే ఇది ఈస్టర్ తేదీని ఇస్తుంది:

```
=FLOOR(DAY(MINUTE(A2/38)/2+56)&"/5/"&A2,7)-34
```

చూస్తే ఏమీ అర్థం కాదు. సంవత్సరాన్ని 38తో భాగించి అందులోంచి నిమిషాలు తీయడమేమిటి? ఇది తేదీ ఫంక్షన్లను ఇంకో పనికి వాడుకున్న ఒక గమ్మత్తు. నేను 2022 నుంచి 2027 దాకా వేసి క్యాలెండర్‌తో సరిచూశాను. ఆరుకు ఆరూ కలిశాయి. అంతటితో సరిపోయిందనుకుని బోర్డు మీద రాసేశాను. తప్పు నాదే, అది అక్కడే మొదలైంది.

ఇంటి ల్యాప్‌టాప్‌లో డిసెంబరు ఈస్టర్

మర్నాడు ఒక అబ్బాయి వచ్చి, "మేడమ్, 2027 ఈస్టర్ మా ఇంట్లో డిసెంబరు 27, 2026 అని వస్తోంది" అన్నాడు. క్లాసంతా నవ్వింది. క్రిస్మస్ అయిన రెండో రోజే ఈస్టర్!

కారణం ఫార్ములా మధ్యలో ఉన్న `"/5/"`. అది తేదీని అక్షరాలుగా కూర్చి, మళ్లీ తేదీగా చదవమంటోంది. 2027కి అక్కడ "2/5/2027" తయారవుతుంది. ల్యాబ్‌లోని కంప్యూటర్లు మన పద్ధతిలో దాన్ని మే 2 అని చదివాయి. ఆ అబ్బాయి ల్యాప్‌టాప్‌లో తేదీ సెట్టింగ్ అమెరికా పద్ధతిలో ఉంది. అది ఫిబ్రవరి 5 అని చదివింది. అక్కణ్ణుంచి వెనక్కి లెక్కపెడితే డిసెంబరు వచ్చింది. అన్ని ఏళ్లకూ ఇలా జరగదు. రోజు 12 దాటితే దాన్ని నెలగా చదవడం కుదరదు కాబట్టి, ఎక్సెల్ తేదీ ఇవ్వకుండా `#VALUE!` అని చూపిస్తుంది. అందుకే కొన్ని ఏళ్లకు `#VALUE!`, కొన్ని ఏళ్లకు వింత తేదీలు వచ్చాయి.

దీనికి మందు సులువే. తేదీని అక్షరాలతో కూర్చకుండా `DATE` ఫంక్షన్‌కు సంవత్సరం, నెల, రోజు విడివిడిగా ఇవ్వాలి:

```
=FLOOR(DATE(A2,5,DAY(MINUTE(A2/38)/2+56)),7)-34
```

ఇప్పుడు ఏ సెట్టింగ్ ఉన్నా ఒకే జవాబు వస్తుంది.

ఓడిపోలేని పరీక్ష పరీక్షే కాదు

ఈ సంఘటన తర్వాత, జవాబులను కళ్లతో కాకుండా షీట్‌తోనే పరీక్షించాలని నిర్ణయించుకున్నాం. పిల్లలు మొదట సూచించిన పరీక్ష, "ఈస్టర్ ఆదివారమేనా?" అన్నది. B కాలమ్‌లో ఈస్టర్ ఉంటే పక్కన ఇలా రాశారు:

```
=WEEKDAY(B2)=1
```

నూరు వరుసల్లోనూ TRUE వచ్చింది. సంబరపడ్డారు. అప్పుడు నేను, "ఆ డిసెంబరు 27, 2026 ఏ వారం?" అని అడిగాను. చూశారు. అదీ ఆదివారమే!

ఎందుకంటే ఫార్ములాలో `FLOOR(...,7)` ఉంది. అది తేదీని ఏడు గుణిజానికి దించుతుంది. ఎక్సెల్ లెక్కలో ఆ రోజు ఎప్పుడూ శనివారమే అవుతుంది. అక్కణ్ణుంచి 34 రోజులు వెనక్కి వెళితే ఎప్పుడూ ఆదివారమే. అంటే లోపల ఎంత తప్పు లెక్క జరిగినా బయటికి ఆదివారమే వస్తుంది. ఈ పరీక్ష ఈ ఫార్ములాను ఎన్నటికీ పట్టుకోలేదు.

రెండో పరీక్ష హద్దులది:

```
=AND(B2>=DATE(A2,3,22),B2<=DATE(A2,4,25))
```

ఇది డిసెంబరు ఈస్టర్‌ను వెంటనే పట్టుకుంది. `DATE`తో సరిచేసిన షీట్‌లో మాత్రం నూరు వరుసలూ TRUE. అంతా బాగుందనే అనిపించింది. జవాబు కూడా వచ్చేసింది: ఏప్రిల్ 14న గుడ్ ఫ్రైడే ఐదుసార్లు. 2006, 2017, 2028, 2079, 2090.

అదే లెక్క, ఇంకో దారిలో

మూడో పరీక్ష అసలైనది. అదే జవాబును ఆ ఫార్ములాతో సంబంధం లేని ఇంకో దారిలో తెచ్చి పక్కపక్కన పెట్టడం. దానికి పైథాన్ తీసుకున్నాం. ఈసారి గమ్మత్తులు లేకుండా నియమాన్ని ఉన్నదున్నట్టు రాశాం: ముందు పున్నమి, తర్వాత ఆదివారం.

```python
from datetime import date, timedelta

def punnami(y):
    a = y % 19
    h = (19 * a + 24) % 30
    if h == 29 or (h == 28 and a > 10):
        h -= 1
    return date(y, 3, 21) + timedelta(days=h)

def easter(y):
    p = punnami(y)
    return p + timedelta(days=7 - p.isoweekday() % 7)

for y in range(2000, 2100):
    print(easter(y))
```

ఇందులో 19 ఎందుకంటే, 19 ఏళ్లలో దాదాపు సరిగ్గా 235 చాంద్రమాసాలు పడతాయి. అందుకని పున్నమి తేదీలు 19 ఏళ్లకోసారి తిరిగి వస్తాయి. `h` అంటే మార్చి 21 తర్వాత ఎన్ని రోజులకు పున్నమి అన్నది. మధ్యలో ఉన్న `if` ఈస్టర్ తేదీ ఏప్రిల్ 25 దాటకుండా చర్చి క్యాలెండర్‌లో చేసుకున్న చిన్న సవరణ. చివరి వరుస పున్నమి తర్వాతి ఆదివారానికి తీసుకెళుతుంది. పున్నమి నాడే ఆదివారమైతే వారం ముందుకు జరుపుతుంది. 24 అనే అంకె 1900 నుంచి 2199 దాకానే చెల్లుతుంది. ఆ హద్దు దాటి వాడకూడదని పిల్లలు నోట్‌బుక్‌లో రాసుకున్నారు.

ఈ జాబితాను షీట్‌లో C కాలమ్‌లో అతికించి, పక్కన `=B2=C2` అని రాశారు. ఇక్కడో చిన్న చిక్కు. కొందరికి నూరు వరుసలూ FALSE వచ్చాయి. అలా వస్తే కంగారు పడనక్కర్లేదు. అతికించినది తేదీగా కాక అక్షరాలుగా కూర్చుందని అర్థం. `DATEVALUE`తో మారిస్తే సరిపోతుంది. భయపడాల్సింది నూరు FALSEలు వచ్చినప్పుడు కాదు, ఒక్కటి వచ్చినప్పుడు.

ఒక్కటి వచ్చింది. కిందికి, కిందికి జరుపుకుంటూ వెళ్లిన ఒక అమ్మాయి 2079 దగ్గర ఆగింది. ఎక్సెల్ ఫార్ములా ఏప్రిల్ 16 అంటోంది. పైథాన్ ఏప్రిల్ 23 అంటోంది. "మేడమ్, బోర్డు మీదిదే కరెక్టు కదా, నాదే ఎక్కడో తప్పుంది" అని కోడ్‌ను మళ్లీ మొదటి నుంచి టైప్ చేయబోయింది. ఆపాను. రెండు జవాబులు కలవనప్పుడు ఎవరు చెప్పారన్నది కాదు, నియమం ఏమంటుందన్నది చూద్దామన్నాను.

2079లో ఏం జరిగింది?

`punnami(2079)` వేస్తే ఏప్రిల్ 16 వచ్చింది. 2079లో ఏప్రిల్ 16 ఏ వారం? ఆదివారం. నియమం "పున్నమి తర్వాత వచ్చే ఆదివారం" అంటుంది. పున్నమి నాడే ఆదివారమైతే ఆ రోజు పనికిరాదు, తర్వాతి ఆదివారం ఏప్రిల్ 23 తీసుకోవాలి. పైథాన్ చెప్పిందే సరైనది. బోర్డు మీది ఫార్ములా తప్పింది.

సరే, ఎందుకు తప్పింది? అది లోపల తయారుచేసే తేదీని విప్పి చూశాం. 2079కి అది మే 26తో మొదలుపెడుతుంది. ఆ రోజుకు ముందున్న శనివారానికి దిగి 34 రోజులు వెనక్కి వెళితే, జవాబు ఏప్రిల్ 16 నుంచి 22 లోపు ఎక్కడో పడుతుంది. నియమం ప్రకారం అది 17 నుంచి 23 లోపు పడాలి. అంటే ఫార్ములా పున్నమిని ఒక్క రోజు ముందుకు లాగింది.

ఇక్కడే అసలు విషయం ఉంది. 19 ఏళ్ల చక్రంలో 2079 ఉన్న చోటే 2003, 2022, 2041, 2060 కూడా ఉన్నాయి. ఈ నాలుగు ఏళ్లలోనూ ఆ ఒక్క రోజు తప్పు ఫార్ములాలో ఉంది. కానీ ఆ నాలుగుసార్లూ ఏప్రిల్ 16 ఆదివారం కాదు. బుధవారం, శనివారం, మంగళవారం, శుక్రవారం. అందుకని తప్పు పున్నమి నుంచి వెళ్లినా సరైన ఆదివారమే దొరికింది. నేను 2022ను క్యాలెండర్‌తో సరిచూశాను కూడా. జవాబు ఏప్రిల్ 17, సరిగ్గానే ఉంది. లోపలి తప్పు మాత్రం నా కళ్ల ముందే ఉండి కనబడలేదు.

అందుకని ఏ ఏళ్లను పరీక్షకు తీసుకోవాలన్నది ముఖ్యం. ఈ మధ్యవి ఆరు తీసుకోవడం సులువే కానీ వాటితో లాభం తక్కువ. నియమం మలుపు తిరిగే చోటును తీసుకోవాలి: పున్నమి ఆదివారం నాడే వచ్చే ఏళ్లు, ఈస్టర్ బాగా ముందుగా వచ్చే 2008 (మార్చి 23), బాగా ఆలస్యంగా వచ్చే 2038 (ఏప్రిల్ 25).

మా ప్రశ్నకు సరైన జవాబు ఐదు కాదు, నాలుగు: 2006, 2017, 2028, 2090. ఆ అమ్మాయి బోర్డు దగ్గరికి వచ్చి నా ఫార్ములా పక్కన "2078 దాకా మాత్రమే" అని రాసింది. చెరిపేయలేదు. హద్దు తెలిసిన ఫార్ములా పనికొస్తుంది కదా.

గోడ క్యాలెండర్‌తో సరిచూస్తే?

ఒక తండ్రి ఫోన్ చేసి మంచి ప్రశ్న వేశారు. "పున్నమి తేదీలు మన క్యాలెండర్‌లోనే ఉంటాయిగా, వాటితోనే సరిచూడొచ్చు కదా మేడమ్?"

2019ని చూడండి. ఆ ఏడాది హోలీ పున్నమి మార్చి 21 ఉదయం పూర్తయింది. ఆ లెక్కన తర్వాతి ఆదివారం మార్చి 24న ఈస్టర్ రావాలి. కానీ ఆ ఏడాది ఈస్టర్ ఏప్రిల్ 21న జరిగింది, గుడ్ ఫ్రైడే ఏప్రిల్ 19న. చర్చి నియమంలోని పున్నమి ఆకాశంలో కనిపించే పున్నమి కాదు. 19 ఏళ్ల పట్టిక నుంచి వచ్చే పున్నమి. రెండూ చాలాసార్లు దగ్గర్లోనే ఉంటాయి, కొన్నిసార్లు ఒకటి రెండు రోజులు తేడా వస్తుంది. 2019లో ఆ తేడా సరిగ్గా మార్చి 21 హద్దు మీద పడడంతో నాలుగు వారాలు మారిపోయింది. కొలబద్ద వేరైతే సరైన జవాబు కూడా తప్పులా కనబడుతుంది. అందుకని సరిచూడాల్సింది గోడ మీది పున్నమితో కాదు, అచ్చయిన గుడ్ ఫ్రైడే తేదీలతో.

ఈ ఆదివారం ఇంట్లో

మీ అబ్బాయి చేతో అమ్మాయి చేతో ఒక చిన్న పని చేయించండి. అరగంట చాలు.

1. పై పైథాన్ కోడ్‌ను నడిపి నూరేళ్ల జాబితా తీయమనండి. మీ దగ్గరున్న పాత క్యాలెండర్లు నాలుగైదు తీసి గుడ్ ఫ్రైడే తేదీలతో పోల్చండి. ఈస్టర్‌కు రెండు రోజుల ముందు అని గుర్తుంచుకోండి.

2. ఇప్పుడు కావాలని కోడ్‌ను పాడుచేయమనండి. `if` వరుసను, దాని కింది `h -= 1` వరుసను తీసేసి మళ్లీ నడపాలి. పాత జాబితాతో పోలిస్తే సరిగ్గా రెండు ఏళ్లు మారతాయి. 2076లో ఏప్రిల్ 19 కాస్తా ఏప్రిల్ 26 అవుతుంది. 2049లో ఏప్రిల్ 18 కాస్తా ఏప్రిల్ 25 అవుతుంది.

3. ఈ రెండింటిలో హద్దుల పరీక్ష దేన్ని పట్టుకుంటుంది, దేన్ని వదిలేస్తుంది, ఎందుకని అని మీరే అడగండి. ఏప్రిల్ 26 హద్దు దాటింది కాబట్టి దొరుకుతుంది. ఏప్రిల్ 25 హద్దులోనే ఉంది, ఆదివారం కూడా, కాబట్టి తప్పించుకుంటుంది. దాన్ని పట్టుకునేది రెండో జాబితాతో పోలిక ఒక్కటే.

లైబ్రరీలు వాడడం తెలిసిన పిల్లలైతే `pip install python-dateutil` చేసి, అందులోని `dateutil.easter`తో మూడో జాబితా తీసుకోవచ్చు. ఇంట్లో లిబ్రె ఆఫీస్ ఉంటే `=EASTERSUNDAY(A2)` అన్న ఫంక్షన్ సిద్ధంగానే ఉంటుంది. అవి వేరేవాళ్లు రాసినవి కాబట్టి సాక్ష్యంగా పనికొస్తాయి.

పిల్లలు షీట్ తెచ్చి చూపినప్పుడు "కరెక్టేనా?" అని అడిగితే "ఆఁ, కరెక్టే" అంటారు. దాని బదులు "ఇది తప్పయితే నీకెలా తెలుస్తుంది?" అని అడిగి చూడండి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన షీట్‌ను నమ్మి టికెట్లు తీసుకోవచ్చు.

2028 ఏప్రిల్ 14, శుక్రవారం. గుడ్ ఫ్రైడే, అంబేడ్కర్ జయంతి రెండూ ఒకే రోజు. ఈ తేదీని మాత్రం మా తొమ్మిదో తరగతి మూడు దారుల్లో సరిచూసింది.